పుస్తకం అట్ట మీద నాలుగు ముక్కలు: కొమర్రాజు లక్ష్మణరావు జీవితం రాయాలంటే

మన కుటుంబాల్లో పుస్తకాలు అచ్చు వేసుకోవడం ఈమధ్య ఎక్కువైంది. తాతగారు రాసిపెట్టిన ఊరి చరిత్ర కావచ్చు, ఎప్పుడో ఆగిపోయిన వ్యాస సంపుటి పునర్ముద్రణ కావచ్చు. లోపలి పేజీలకు నెలల తరబడి దిద్దుబాట్లు చేస్తారు. చివర్లో అట్ట డిజైనరు ఫోను చేసి, "వెనక అట్టకు రచయిత గురించి ఓ వంద మాటలు పంపండి" అంటాడు. ఆ సాయంత్రమే ఎవరో ఒకరు కూర్చుని, జ్ఞాపకం ఉన్నది రాసి పంపేస్తారు.

కానీ పుస్తకంలో ఎక్కువమంది చదివేది ఆ వంద మాటలే. లైబ్రరీలో జాబితా రాసే మనిషి అక్కడి నుంచే పుట్టిన సంవత్సరం ఎక్కించుకుంటాడు. ఆవిష్కరణ సభలో వక్త అదే చదువుతాడు. మర్నాడు పత్రికలో వచ్చే వార్తా అదే. ఒక తప్పు సంవత్సరం అట్ట మీద పడితే, దాన్ని లోపలి పుస్తకం కూడా సరిదిద్దలేదు. రచయిత చరిత్రకారుడైతే ఆ తప్పు ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. శాసనాల్లో తేదీలు సరిచూస్తూ బతికిన మనిషి పుట్టిన తేదీనే మనం సరిచూడలేదన్నమాట.

ఇది ఎలా చేయాలో చెప్పడానికి ఒక మనిషిని తీసుకుందాం. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. ఆయన్ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన జీవితం ఒక్క ఊళ్లోనో ఒక్క రాష్ట్రంలోనో ఇమడదు. కృష్ణా తీరం, భువనగిరి, నాగపూరు, మునగాల, హైదరాబాదు, చెన్నపట్నం అన్నీ అందులో ఉన్నాయి. తెలుగుతో పాటు మరాఠీలోనూ రాశారు. రాష్ట్రం బయట ఉండి తెలుగు పని చేసిన మనిషి కాబట్టి ఆయన కథ మన ఇళ్లకు దగ్గరిది. తేదీలూ ఊళ్లూ తారుమారయ్యే అవకాశం కూడా అందుకే ఎక్కువ.

ఆయన వ్యాసాలను ఎవరో మళ్లీ అచ్చు వేస్తున్నారనుకోండి. ఆ సాయంత్రం హడావుడిలో తయారయ్యే పరిచయం దాదాపు ఇలా ఉంటుంది. ఇది ఏ పుస్తకం మీదా ఉన్నది కాదు, ఇలాంటివి చాలా చదివాక నేను కూర్చిన నమూనా:

"తెలుగువారి తొలి చరిత్రకారుడైన కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్రప్రదేశ్‌లో జన్మించి, మహారాష్ట్రలో పెరిగి, కలకత్తా వెళ్లి ఎం.ఏ. పట్టా సాధించారు. తెలంగాణలోని మునగాల సంస్థానానికి మంత్రిగా పనిచేశారు. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని, విజ్ఞాన చంద్రికా మండలిని ఒంటిచేత్తో స్థాపించారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని రచించి తెలుగుజాతికి అంకితం చేశారు. 47 ఏళ్ల వయసులో చెన్నైలో అమరులయ్యారు."

వినడానికి బాగానే ఉంది. పచ్చి అబద్ధం అనదగ్గ వాక్యం కూడా పెద్దగా కనబడదు. అయినా దాదాపు ప్రతి వాక్యంలోనూ దిద్దాల్సింది ఉంది.

ముందు వయసు చూద్దాం, అది తేలిక. లక్ష్మణరావు పుట్టింది 1877 మే 18న, పోయింది 1923 జూలై 12న. 1923 నుంచి 1877 తీసేస్తే 46. జూలై నాటికి ఆ ఏటి పుట్టినరోజు దాటింది కాబట్టి నిండిన వయసు 46 ఏళ్లే. మరి 47 ఎక్కడి నుంచి వచ్చింది? మన భాషలోనే ఉంది చిక్కు. "నలభై ఏడవ ఏట పోయారు" అంటే నలభై ఆరు నిండి నలభై ఏడు నడుస్తోందని అర్థం. అది సరైన మాటే. దాన్ని మరొకరు "47 ఏళ్ల వయసులో" అని మార్చగానే ఒక ఏడు పెరిగిపోతుంది. పాత వ్యాసాల్లో "వ ఏట" అని కనిపిస్తే ఒకటి తీసేసి చూడాలి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే అట్ట మీద వయసు రాయకుండా రెండు సంవత్సరాలూ ఇచ్చేయడం. లెక్క పాఠకుడు వేసుకుంటాడు.

సంవత్సరాల లెక్క ఇంతకంటే జాగ్రత్తగా చూడాల్సిన విషయం. మన ఇళ్లలో పాత కాగితాలంటే జాతకాలు, తాళపత్రాలు, దానపత్రాలు, ఎవరో పంచాంగం అంచున రాసుకున్న గుర్తులు. వాటిలో ఉండేది ప్రభవ, విభవ వరసలో పేరు, మాసం, తిథి. లక్ష్మణరావు పుట్టిన 1877 మే ఈశ్వర నామ సంవత్సరంలో పడుతుంది. పట్టిక తీస్తే ఈశ్వర ఎదురుగా 1877 అని ఉంటుంది, సరిపోయింది. కానీ ఎప్పుడూ అలా సరిపోదు. ఈశ్వర మొదలైంది 1877 ఉగాదికి, ముగిసింది 1878 ఉగాదికి. అదే ఈశ్వరలో మాఘమాసంలో ఒక బిడ్డ పుట్టి ఉంటే ఆ బిడ్డ పుట్టిన సంవత్సరం 1878.

ఇందుకు ఉదాహరణ లక్ష్మణరావు ఇంట్లోనే ఉంది. ఆయన అక్క భండారు అచ్చమాంబ 1905 జనవరిలో కన్నుమూశారు. ఆ జనవరి క్రోధి నామ సంవత్సరంలోది. క్రోధి 1904 ఉగాదికి మొదలైంది కాబట్టి పట్టికలో దాని పక్కన 1904 అనే ఉంటుంది. ఇంటి కాగితంలో "క్రోధి" అని మాత్రమే చూసి పట్టిక ప్రకారం రాస్తే ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. మోటుగా ఒక గుర్తు పెట్టుకోవచ్చు: మాసం చైత్రం నుంచి కార్తికం లోపల ఉంటే పట్టికలో ఉన్న సంవత్సరమే. మాఘం, ఫాల్గుణం అయితే ఒకటి కలపాలి. మార్గశిరం, పుష్యం అయితే డిసెంబరు ముగింపుకు అటో ఇటో ఉంటాయి. ఆ ఏటి పంచాంగం చూడకుండా తేల్చకూడదు.

తమిళనాడులో ఉన్న మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది. సంవత్సరాల పేర్లు అవే అరవై. కానీ తమిళ సంవత్సరాది సౌరమానం ప్రకారం ఏప్రిల్ మధ్యలో వస్తుంది. మన ఉగాది అంతకంటే ముందే, మార్చిలోనో ఏప్రిల్ మొదట్లోనో వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న రోజుల్లో ఒకే రోజు తమిళ కాగితంలో పాత సంవత్సరం పేరు, తెలుగు కాగితంలో కొత్త సంవత్సరం పేరు ఉంటాయి. రెండూ సరైనవే. ఏ లెక్కలో రాసిన కాగితమో ముందు తెలుసుకోవాలి. పైగా ఈ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ఈశ్వర అంటే 1877 కావచ్చు, 1817 కావచ్చు, 1937 కావచ్చు. కొడుకులు, మనవలు, ఆస్తి పత్రాలు చూసుకుని ఏ ఆవృత్తో తేల్చాలి.

తేదీలు సరిచూడటానికి ఏవి నమ్మాలి అంటే, సంఘటన జరిగిన రోజులకు దగ్గరగా పుట్టిన కాగితాన్ని. మరణానికి అప్పటి దినపత్రిక మంచి ఆధారం. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914 నుంచి చెన్నపట్నంలో దినపత్రికగా వచ్చేది. కాబట్టి 1923లో చెన్నపట్నంలో పోయిన తెలుగు ప్రముఖుడి కోసం మొదట వెతకాల్సిన చోటు అదే. అయితే పత్రిక మీద ఉన్న తేదీ మరణించిన తేదీ కాదు. వార్తలో "నిన్న" అనో "మొన్న రాత్రి" అనో ఉంటుంది. చదవకుండా పై తేదీ ఎత్తి రాసుకుంటే ఒకటి రెండు రోజులు జరిగిపోతాయి. ఒకే మనిషికి మూడు వరస తేదీలు ప్రచారంలో ఉండటానికి తరచు కారణం ఇదే. బడి రికార్డును పుట్టినరోజుకు ఆధారం చేసుకునేటప్పుడూ జాగ్రత్త కావాలి. బడిలో వేసేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ చాలామందికి జూన్‌లోనో జూలై మొదటి తారీకునో ఉంటుంది. ఇంట్లో జాతకం ఉంటే దాన్ని పక్కన పెట్టి చూడాలి.

రెండు ఆధారాలు ఉన్నాయని సంబరపడే ముందు, రెండోది మొదటిదాన్ని చూసి రాసిందేమో చూడాలి. శతజయంతి సంచికలో పది వ్యాసాలు ఒకే తేదీ చెబితే పది ఆధారాలు కావు. పదిమందీ ఒకే చోట చూసి ఉంటే అది ఒకటే.

ఇప్పుడు ఊళ్లు. నమూనాలో "ఆంధ్రప్రదేశ్‌లో జన్మించి, మహారాష్ట్రలో పెరిగి" అని ఉంది. 1877లో ఈ రెండు రాష్ట్రాలూ లేవు. ఆయన పుట్టిన పెనుగంచిప్రోలు అప్పుడు మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాలో ఉంది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, ఆ జిల్లా ఏర్పడింది 2022లో. తండ్రి చిన్నప్పుడే పోయారు. కొంత చదువు నిజాం రాజ్యంలోని భువనగిరిలో సాగింది. తర్వాత అక్క అచ్చమాంబ, బావ భండారు మాధవరావు ఆయన్ను నాగపూరు తీసుకెళ్లి చదివించారు. బావగారి ఉద్యోగం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే మధ్యరాష్ట్రాలలో. నాగపూరు దాని రాజధాని. ఆ ఊరు నేటి మహారాష్ట్రలో భాగమైంది 1960లో, ఆయన పోయిన ముప్పై ఏడేళ్లకు.

దీన్ని చాదస్తం అనుకోకండి. అప్పటి పేరు పోతే అప్పటి సంగతి కూడా పోతుంది. తెలుగు కుటుంబం ఒకటి రైల్వే, ఇంజనీరింగు ఉద్యోగాల వెంట ఉత్తరానికి వెళ్లిన కాలం అది. అక్కడ తెలుగు బళ్లు లేవు, చుట్టూ మరాఠీ. లక్ష్మణరావు ఆ మరాఠీని చదువు కోసం నేర్చుకుని ఊరుకోలేదు, అందులో వ్యాసాలు రాసే స్థాయికి వెళ్లారు. మరాఠీలో చరిత్ర రచన ఎంత ముందుకు పోయిందో చూసి, తెలుగులో అలాంటి పని లేదే అనుకున్న మనిషి ఆయన. తెలుగులో శివాజీ చరిత్ర రాశారంటే ఆ నేపథ్యం వల్లనే. "మహారాష్ట్రలో పెరిగి" అనే రెండు మాటలు ఈ సంగతేమీ చెప్పవు. "సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని నాగపూరులో అక్కా బావల దగ్గర" అంటే కొంత చెబుతుంది.

"కలకత్తా వెళ్లి" అన్నది ఊహ. పట్టా మీద కలకత్తా విశ్వవిద్యాలయం అని ఉంది కాబట్టి మనిషి కలకత్తా వెళ్లే ఉంటాడని రాసేవారు అనుకుంటారు. ఆ రోజుల్లో నాగపూరుకు సొంత విశ్వవిద్యాలయం లేదు, అది వచ్చింది 1923లో. అక్కడి కాలేజీలు కలకత్తాకు అనుబంధంగా ఉండేవి. పరీక్షలు పెట్టి పట్టా ఇచ్చే సంస్థ ఒక చోట ఉండి, చదువుకునే కుర్రవాడు మరో చోట ఉండటం అప్పుడు మామూలు. కాబట్టి "కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ." అంటే చాలు. "వెళ్లి" తీసేయాలి. మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా ఉన్న మన తాతల గురించి రాసేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. ఆ పట్టా రాజమండ్రిలో చదివినవారికీ, బళ్లారి వైపు నుంచి పరీక్షకు వెళ్లినవారికీ ఉండేది.

మునగాల సంగతి మరీ చిత్రం. నేడు అది తెలంగాణలో సూర్యాపేట జిల్లాలో ఉంది. కానీ లక్ష్మణరావు పనిచేసిన కాలంలో మునగాల పరగణా నిజాం రాజ్యానిది కాదు. చుట్టూ నిజాం నేల, మధ్యలో ద్వీపంలా బ్రిటిషు వారి కృష్ణా జిల్లా ముక్క. మునగాల నాయని వెంకట రంగారావుగారి జమీందారీ. ఆయన్ను రాజా అని పిలిచేవారు గాని, గద్వాల, వనపర్తి లాంటి నిజాం కింది సంస్థానం కాదది. లక్ష్మణరావు ఆ జమీందారీకి దివాను. దివాను అంటే ఎస్టేటు వసూళ్లు, వ్యాజ్యాలు, రోజువారీ పాలన చూసే ముఖ్యాధికారి. "మంత్రి" అంటే నేటి పాఠకుడికి వేరే బొమ్మ కనబడుతుంది. దివాను అని అందరికీ తెలిసిన మాట ఉండగా మంత్రి ఎందుకు?

ఆ మునగాల స్థితి తెలిస్తే తర్వాతి సంగతి కూడా అర్థమవుతుంది. రాజావారు, దివాను ఇద్దరికీ బ్రిటిషు ఆంధ్రంతోనూ హైదరాబాదుతోనూ రాకపోకలు ఉన్నాయి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఏర్పడినప్పుడు ఈ ఇద్దరూ, వారితో రావిచెట్టు రంగారావు ఉన్నారు. 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టినప్పుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా తోడయ్యారు. మండలి తర్వాత చెన్నపట్నానికి మారింది. ఇక "ఒంటిచేత్తో స్థాపించారు" అనే మాట ఎక్కడ నిలుస్తుంది? ఒక్క మాటతో ముగ్గురు నలుగురిని చరిత్రలోంచి తుడిచేసినట్టు. "స్థాపకుల్లో ఒకరు" అని రాస్తే ఆయన స్థాయి తగ్గదు. మండలి ప్రచురణల వెనక నడిపించిన బుర్ర ఆయనదే అనిపిస్తే "ప్రధాన నిర్వాహకుడు", "సంపాదకుడు" అని చేసిన పని పేరుతో చెప్పవచ్చు.

అచ్చమాంబ పేరుతో కూడా ఒక ప్రమాదం ఉంది. అక్క భండారు అచ్చమాంబ రచయిత్రి, తెలుగులో తొలినాటి కథలు రాసినావిడ, అబలా సచ్చరిత్ర రత్నమాల కర్త. లక్ష్మణరావు కూతురు కూడా అచ్చమాంబే. ఈమె డాక్టరు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన కొమర్రాజు అచ్చమాంబ. అక్క 1905లో పోతే కూతురు 1906లో పుట్టింది. పోయిన మేనత్త పేరు పుట్టిన పిల్లకు పెట్టడం మన ఇళ్లలో తెలిసిందే. అట్ట మీద "రచయిత్రి, పార్లమెంటు సభ్యురాలు అచ్చమాంబ సోదరుడు" అని పడితే ఇద్దరు ఒకరైపోతారు. ఇంటి పేర్లు, సంవత్సరాలు పక్కపక్కన పెట్టగానే ముడి విడిపోతుంది.

ఇప్పుడు "తొలి" దగ్గరికి వద్దాం. అట్ట పరిచయాల్లో ఎక్కువ హాని చేసే మాట ఇదే అని నా అభిప్రాయం. "తెలుగువారి తొలి చరిత్రకారుడు" అనాలంటే ఆయనకు ముందు ఎవరూ లేరని మనం చూపించాలి. ఆయనకు సుమారు వందేళ్ల ముందే కాలిన్ మెకంజీ దగ్గర కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయతులు సేకరించారు. కందుకూరి వీరేశలింగం కవుల చరిత్రలు రాశారు. సాక్షాత్తు విజ్ఞాన చంద్రికా మండలే చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వేసింది, దాని మొదటి భాగం 1910లో వచ్చింది. "తొలి" అని రాస్తే లక్ష్మణరావు స్వయంగా ప్రోత్సహించిన పుస్తకంతోనే మన అట్ట తగాదా పడుతుంది. "శాసనాలు, లిఖిత ఆధారాల మీద నిలబడి తెలుగులో చరిత్ర రాయడానికి బాట వేసినవారిలో ఒకరు" అంటే నిజం, పైగా ఆయన ఏం చేశారో తెలుస్తుంది. "తొలి చరిత్రకారుడు" అంటే బిరుదు తెలుస్తుంది గాని పని తెలియదు.

"ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని రచించి" అన్నచోట రెండు పొరపాట్లు కలిసి ఉన్నాయి. అది ఒకరు రచించేది కాదు. ఆయన సంపాదకుడు, వ్యాసాలు చాలామందివి. యువకుడిగా మల్లంపల్లి సోమశేఖరశర్మ ఆ పనిలో ఆయన దగ్గర ఉన్నారు. రెండోది, అది పూర్తి కాలేదు. మొదటి సంపుటం 1915లో వచ్చింది, ఆయన కాలంలో వచ్చినవి మూడు సంపుటాలు, అక్షరమాలలో మొదటి మెట్ల దగ్గరే ఆగింది. దీన్ని దాచిపెట్టడం పరిచయాల్లో మామూలు. నిజానికి ఆ అసంపూర్తి పని ఎంత పెద్ద ఊహతో మొదలైందో చెప్పే వాక్యం అదే.

ఈ సర్వస్వం విషయంలో ఇంకో చిక్కు లైబ్రరీల్లో తగులుతుంది. ఆయన పోయాక 1930ల్లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అదే పేరుతో మళ్లీ సంపుటాలు తెచ్చారు. పాత అలమరలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము అని కనబడగానే లక్ష్మణరావు సంపుటమే అనుకుంటారు. అట్టకు బొమ్మ కావాలని దాని ముఖపత్రాన్ని ఫోటో తీస్తారు. ముఖపత్రం మీద సంవత్సరం చూడాలి. 1923 తర్వాతిదైతే అది ఆయన చేతి మీదుగా వెలువడిన ప్రతి కాదు. జీవిత కాలం తేదీలు సరిగ్గా తెలిసి ఉండటం ఇలాంటి చోట పనికొస్తుంది.

పుస్తకాల సంవత్సరాలకు ముఖపత్రమే మొదటి సాక్షి. పీఠిక కింద ఉన్న తేదీ రచయిత రాసి ముగించినది, అచ్చయింది నెలల తర్వాత కావచ్చు. ముఖపత్రం చిరిగిపోతే, 1867 చట్టం ప్రకారం బ్రిటిషు రాజధానుల్లో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసేవారు, మద్రాసు ప్రభుత్వం ఆ జాబితాలను మూడు నెలలకోసారి వేసేది. వాటిలో పుస్తకం పేరు, ముద్రాపకుడు, తేదీ, ఎన్ని ప్రతులు అన్న వివరాలు ఉంటాయి. నిజాం రాజ్యంలో అచ్చయిన వాటికి ఆ చట్టం లేదు. ప్రచురణకర్త హైదరాబాదులో ఉన్నా ముద్రణ మద్రాసులో జరిగితే మాత్రం జాబితాలో దొరికే అవకాశం ఉంది. కాబట్టి ప్రచురణకర్త ఊరు కాకుండా ప్రెస్సు ఊరు చూడాలి.

చివరి వాక్యంలో "చెన్నైలో అమరులయ్యారు" అని ఉంది. 1923లో అది మద్రాసు, తెలుగువారి నోట చెన్నపట్నం. ఏదైనా రాయవచ్చు. చెన్నై అనే అధికారిక పేరు 1996 నాటిది. "అమరులయ్యారు" అనే మాట ఉద్యమంలోనో యుద్ధంలోనో ప్రాణం ఇచ్చినవారికి వాడటం అలవాటైపోయింది. "మరణించారు", "కన్నుమూశారు" అంటే ఏ అనుమానమూ ఉండదు, అగౌరవమూ లేదు.

ఇవన్నీ దిద్దాక ఆ పరిచయం ఇలా వస్తుంది:

"కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877–1923) చరిత్ర పరిశోధకుడు, సంపాదకుడు. నాటి మద్రాసు రాజధాని, కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని నాగపూరులో అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావుల దగ్గర ఉండి చదువుకున్నారు. కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. పొందారు. తెలుగులోనూ మరాఠీలోనూ రాశారు. మునగాల జమీందారీకి దివానుగా ఉంటూ, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం (1901), విజ్ఞాన చంద్రికా మండలి (1906) స్థాపించినవారిలో ఒకరయ్యారు. శాసనాలు, లిఖిత ఆధారాల మీద తెలుగులో చరిత్ర రాసే పద్ధతికి బాట వేసినవారిలో ముఖ్యులు. ఆయన సంపాదకత్వంలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము మూడు సంపుటాలు వెలువడ్డాయి. ఆ పని పూర్తికాకముందే మద్రాసులో కన్నుమూశారు."

మొదటి దానికంటే కొంచెం పొడుగే, కానీ డెమ్మీ సైజు వెనక అట్టకు సరిపోతుంది. పొగడ్త విశేషణం ఒక్కటీ లేదు, అయినా చదివితే మనిషి ఎంతటివాడో తెలుస్తుంది. నెల, రోజు ఇందులో ఇవ్వలేదు. అట్టకు సంవత్సరాలు చాలు. పూర్తి తేదీలు లోపల, ఏ ఆధారంతో తీసుకున్నారో చెప్పే ఒక వాక్యంతో సహా ఉండాలి. ఏ వివరమైనా రెండు చోట్ల రెండు రకాలుగా దొరికి తేలకపోతే, అట్ట మీద దాన్ని వదిలేయడమే పద్ధతి. చోటు లేని చోట "సుమారు", "కావచ్చు" అని రాస్తే, దాన్ని ఎత్తి రాసుకునేవారు మొదట పారేసేది ఆ "సుమారు"నే.

ఇంకొక్క సంగతి, మన ఊళ్లలో తరచు వచ్చేది. ఇలాంటి పుస్తకాన్ని బెంగళూరులోనో, నాగపూరులోనో, బరంపురంలోనో విడుదల చేసేటప్పుడు పరిచయాన్ని అక్కడి భాషలోకి కూడా పెడతారు. అప్పుడు పేరు మారిపోకుండా చూడాలి. మరాఠీలో "లక్ష్మణరావ్" అని ఒక్కటే వేస్తే మరాఠీ పాఠకుడు తమవాడే అనుకుంటాడు. తమిళంలో మొదటి అక్షరాలు వేసి "కె.వి. లక్ష్మణ్ రావ్" అంటే ఇంటి పేరు మాయమవుతుంది. ఆయన వ్యాసాల సంపుటి పేరు లక్ష్మణరాయ వ్యాసావళి కాబట్టి "లక్ష్మణరాయ" అనే మూడో రూపం కూడా ఉంది. లైబ్రరీ జాబితాలో ఈ మూడూ ముగ్గురు మనుషులుగా పడిపోతాయి. ఏ భాషలో వేసినా పేరు మొదటిసారి వచ్చినచోట కొమర్రాజు వెంకట లక్ష్మణరావు అని పూర్తిగా ఉంచి, పక్కన రెండు సంవత్సరాలూ అంకెల్లో వేయండి. లిపి మారినా, పలుకు మారినా, 1877–1923 అన్న జత చూసి మనిషిని పోల్చుకోవచ్చు.